పోలి పాడ్యమి దాటాక

ఏవండీ, కార్తీకమాసం నెల్లాళ్ళూ ద్రాక్షారామంలో ఎప్పుడైనా సేవకి నిలబడ్డారా? నిలబడి ఉంటే నేను చెప్పబోయేది మీకు సగం తెలుసు. లేదంటే, మాటవరసకి, ఒక సోమవారం మధ్యాహ్నం భీమేశ్వరస్వామి గుడి ముందు నిలబడ్డారనుకోండి. ఆదివారం రాత్రి బయల్దేరిన పంచారామాల బస్సులు అమరావతి, భీమవరం, పాలకొల్లు చూసుకుని నాలుగో మజిలీగా మన ఊరికి ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తుంటాయి. దిగినవాళ్ళకి రాత్రంతా నిద్ర లేదు, సగం మందికి ఉపవాసం. సామర్లకోట కూడా చూడాలి కాబట్టి అందరికీ తొందరే. చెప్పులెక్కడ వదలాలి, మంచినీళ్ళెక్కడ, మాణిక్యాంబ అమ్మవారి దర్శనానికి వేరే వరుసా ఇదే వరుసా అని అందరూ ఒక్కసారే అడుగుతారు. జవాబు చెప్పే మనిషి మెళ్ళో ఒక కండువా ఉంటుంది. ఆ మనిషికి జీతం లేదు. పొద్దున్నించి కాఫీ కూడా పడి ఉండదు.

ఇలా నాలుగు సోమవారాలు, ఒక్కో ఏడు అయిదు. మధ్యలో పౌర్ణమి, ఏకాదశులు. రోజూ తెల్లవారుజామున సప్తగోదావరంలో స్నానాలు, మెట్ల నిండా దీపాలు. చివరికి అమావాస్య వెళ్ళి పోలి పాడ్యమి తెల్లవారేసరికి అరటి దొప్పల్లో దీపాలు నీళ్ళలో వదిలేసి అందరూ ఇళ్ళకి పోతారు. కండువా మనిషీ పోతాడు. నేను మాట్లాడదామనుకున్నది ఆ మర్నాటి సంగతి. వచ్చే కార్తీకానికి ఆ మనిషి మళ్ళీ వస్తాడా రాడా అన్నది చాలావరకు ఆ వారం పది రోజుల్లోనే తేలిపోతుంది. ఆ వారం రోజులూ నిర్వాహకులు ఏం చేస్తుంటారంటే, బకాయిలు తీర్చడం, గుండిగలు తిరిగి అప్పజెప్పడం, ఆ తర్వాత పడుకోవడం. పాపం, వాళ్ళూ మనుషులే.

పోలి కథ మీకు నేను చెప్పక్కర్లేదు. అత్తగారు పెద్ద కోడళ్ళని వెంటబెట్టుకుని నదికి దీపాలు పెట్టడానికి వెళ్ళింది. చిన్నకోడలు పోలిని ఇంటి చాకిరీకి వదిలేసింది. పోలి పెరట్లో పత్తి తీసి వత్తి చేసుకుని, కవ్వానికంటిన వెన్న రాసి, ఇంట్లోనే దీపం వెలిగించింది. విమానం వచ్చింది ఆవిడ కోసం. ఈ కథ ఏటా చదువుకుని, అక్షింతలు వేసుకుని, సాయంత్రం సన్మాన సభలో వేదిక మీదికి ఎవర్ని పిలుస్తాం? నదికెళ్ళినవాళ్ళనే. మైకు పట్టుకున్నవాళ్ళు, వడ్డన పందిట్లో కనబడ్డవాళ్ళు, ఫొటోల్లో ఉన్నవాళ్ళు. వెనకాల గుండిగలు తోమిన ఆవిడ, రాత్రి పదకొండుకి మెట్ల మీద కాలిన వత్తులూ నూనె మడ్డీ గీకిన కుర్రాడు, చెప్పుల దగ్గర కూర్చున్న పెద్దాయన మనకి గుర్తుకే రారు. మనసు చెడ్డదై కాదు. వాళ్ళు పని చేసిన వేళకి మనం అక్కడ లేము, అంతే.

అందుకని మెచ్చుకోలు అన్నది చివరి రోజున మొదలయ్యే పని కాదండీ, మొదటి రోజున ఒక పుస్తకంతో మొదలవుతుంది. రూళ్ళ పుస్తకం చాలు. ఒక పేజీకి ఒక మనిషి. ఆ మనిషి తన చేత్తో రాసుకున్న పేరు, ఇంటిపేరు, ఊరు, ఏ పని, ఏ వేళ. కింద సగం పేజీ ఖాళీగా వదిలేయాలి. నెల గడిచేలోగా ఆ ఖాళీలో ఒక్క వాక్యమైనా పడాలి, ఆ మనిషి చేయగా ఎవరో ఒకరు కళ్ళారా చూసిన పని ఒకటి. దీనికి తెల్లవారుజాముకొకరు, మధ్యాహ్నానికొకరు, రాత్రికొకరు చొప్పున రాసేవాళ్ళు ముగ్గురుండాలి. ఒక్కరే రాస్తే ఆ ఒక్కరికి కనబడ్డవాళ్ళే పుస్తకంలో మిగులుతారు. మూడో వారానికి తిరగేసి చూడండి. ఎవరి పేజీ ఇంకా ఖాళీగా ఉందో వాళ్ళే మన పోలి. ఆ సాయంత్రం వెళ్ళి వాళ్ళ పక్కన కాసేపు నిలబడితే సరి, వాక్యం అదే దొరుకుతుంది.

పేరు రాయడమన్నది మన ఊరికి కొత్తేమీ కాదు. భీమేశ్వరాలయం గోడల మీద, స్తంభాల మీద వందలకొద్దీ శాసనాలున్నాయి. రాజులు, రాణులు, మంత్రులు, వర్తకులు ఇచ్చిన దానాలు చెక్కించారు. వాటిలో ఎక్కువ భాగం అఖండ దీపాలకే. నాకు వాటిలో నచ్చేది ఒకటుంది. దాత ఇన్ని పశువులనిచ్చాడని చెప్పి శాసనం అక్కడితో ఆగిపోదు, చాలా వాటిలో ఆ మందని ఒప్పుకుని రోజూ దీపానికి మానెడు నెయ్యి పోసే బోయవాడి పేరు కూడా ఉంటుంది, ఫలానావాడి కొడుకు ఫలానా బోయ అని. దీపం ఆరకుండా చూసే పూచీ వాడిదీ, వాడి తర్వాత వాడి పిల్లలదీ అని రాశారు. అది కట్టుబాటు కోసం రాసిన మాటే, పొగడ్త కాదు. అయినా ఇచ్చినవాడూ చేసినవాడూ ఒకే రాతి మీద పక్కపక్కన నిలిచారు. ఇప్పుడు ఏ గుడికైనా వెళ్ళి చూడండి. ఫ్యాను రెక్క మీద దాత పేరు, ట్యూబులైటు పట్టీ మీద దాత పేరు, వెలుతురు సగం ఆ అక్షరాల్లోనే పోతుంది. ఆ ఫ్యాను కింద నెల్లాళ్ళు కూర్చుని చెప్పులు కాసిన మనిషి పేరు మట్టుకు ఎక్కడా ఉండదు.

సరే, పుస్తకం సిద్ధంగా ఉంది. నెల ముగిసింది. ఇప్పుడు సందేశం. మామూలుగా వెళ్ళేది ఇది: "కార్తీకమాస సేవా కార్యక్రమాలు దిగ్విజయంగా జరగడానికి సహకరించిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు." పేరుపేరునా అంటూనే ఒక్క పేరూ లేకుండా వాక్యం ముగించడం మనకి బాగా అలవాటైపోయింది. ఇది వాట్సాప్ గుంపులో పడగానే కింద నలభై దండాల బొమ్మలు వస్తాయి, సాయంత్రానికి ఎవరిదో పుట్టినరోజు కేకు దాన్ని కప్పేస్తుంది. పోనీ కొందరి పేర్లు రాద్దామా అంటే అదింకా ప్రమాదం. పన్నెండు పేర్లు రాసి పదమూడోది మరిస్తే, ఆ పదమూడో మనిషికి అసలు సందేశమే రాకపోయినా బావుండేది. కాబట్టి గుంపులో పెడితే అందరి పేర్లూ పుస్తకం చూసి, ఇద్దరు సరిచూసి పెట్టండి. లేదా ఎవరి పేరూ పెట్టకండి. అసలు సంగతి మాత్రం విడివిడిగా వెళ్ళాలి.

విడిగా వెళ్ళే మాట ఎలా ఉండాలో ఒకటి కల్పించి చూపిస్తాను. మెట్ల దగ్గర సేవ చేసిన ఒక పెద్దావిడకనుకోండి:

"పిన్నిగారూ, మూడో సోమవారం సాయంత్రం దీపాల నూనె ఒలికి సప్తగోదావరం మెట్లు జారిపోతుంటే మీరు ఎవరూ చెప్పకుండానే రంపపు పొట్టు తెప్పించి జల్లారు. దీపాలు కొండెక్కేదాకా అక్కడే నిలబడి ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని దింపారు. ఆ రోజు ఒక్కరూ పడలేదు. మీకు మోకాళ్ళ నొప్పులని తర్వాత తెలిసింది. వచ్చే ఏడు ఆ మెట్లు మళ్ళీ మీకే అప్పజెప్పాలని ఉంది, కానీ తోడుగా ఇంకో మనిషినీ, కూర్చోవడానికో కుర్చీనీ ముందే ఏర్పాటు చేస్తాం. దసరా వెళ్ళాక వచ్చి కలుస్తాం."

ఇందులో ఆవిణ్ణి 'మహోన్నత సేవామూర్తి' అని ఎక్కడా అనలేదు చూశారా? ఏ రోజు, ఏ పని, దానివల్ల ఏం జరిగింది, అంతే చెప్పాం. ఆవిడ ఇది మనవడి చేత రెండుసార్లు చదివించుకుంటుంది, ఎందుకంటే ఇంకెవరికీ పంపడానికి పనికిరాని ఉత్తరం ఇది. చివరి మూడు వాక్యాల్లో అసలు కీలకం ఉంది. పడ్డ కష్టం మనకి తెలిసిందనీ, వచ్చే ఏడు ఆ కష్టం ఉండదనీ చెప్పడం నా లెక్కన శాలువా కన్నా ఎక్కువ. చెప్పాక కుర్చీ వేయకపోతే మాత్రం ఉన్న మర్యాద కూడా పోతుంది. అందుకని తీర్చలేని మాట సందేశంలో రాయకండి.

నలభై మందికి ఇలా రాయాలంటే అమ్మో అనిపిస్తుంది. ముగ్గురు రాసేవాళ్ళున్నారుగా, తలా పదమూడు పద్నాలుగు. రోజుకి నాలుగైదు రాసినా మార్గశిరం మొదటి వారంలో అయిపోతుంది. ఎవరు చూసిన పని వాళ్ళే రాయాలి, అప్పుడే అబద్ధం వాసన రాదు. ఫోన్లో చదవలేని పెద్దవాళ్ళకి మాట రికార్డు చేసి పంపొచ్చు, ఇంకా నయం, ఇంటికెళ్ళి చెప్పొచ్చు. నెల దాటిందా, ఇక సంక్రాంతి పనుల్లో పడతారు. అప్పుడు పంపితే 'వీళ్ళకిప్పుడు గుర్తొచ్చామా' అనే అనుకుంటారు.

ఇంత చిన్న మాటకి మనిషి నిజంగా తిరిగొస్తాడా అని మీకు అనుమానం రావచ్చు. జీతం లేని పనికి వికీపీడియాని మించిన ఉదాహరణ లేదు కదా. యానా గాలుస్ అనే పరిశోధకురాలు జర్మన్ వికీపీడియాలో కొత్తగా చేరినవాళ్ళ మీద ఇది పరీక్షించి 2017లో ప్రచురించారు. కొందరికి ఎడెల్‌వైస్ పువ్వు బొమ్మతో ఒక చిన్న గుర్తింపు ఇచ్చారు, పైసా విలువ లేనిది. కొందరికి ఇవ్వలేదు. గుర్తింపు అందుకున్నవాళ్ళలో తర్వాతి నెల కూడా పని కొనసాగించినవాళ్ళు మిగతావారికన్నా 20 శాతం ఎక్కువ తేలారు. అది కంప్యూటరు ముందు కూర్చున్న ముక్కూమొహం తెలియని జనం సంగతి. మన దగ్గర మొహాలు తెలుసు, పైగా ఇంటి అడ్రసు కూడా తెలుసు. గమనించాల్సింది, అక్కడ తేడా కనబడింది కొత్తవాళ్ళలో. మన బృందాల్లోనూ జారిపోయేది వాళ్ళే. పదేళ్ళుగా వస్తున్నాయన తిట్టినా వస్తాడు. మొదటిసారి వచ్చిన ఇంటర్ కుర్రాడు మెచ్చుకోకపోతే రాడు.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఏటా ఎవరో ఒకరు ఈ మాట తెస్తారు: "అంత కష్టపడ్డారు, తలా అయిదొందలు కవర్లో పెట్టి ఇద్దామండీ." మంచి మనసుతోనే అంటారు. కానీ నెల్లాళ్ళ పనికి అయిదొందలు పెట్టగానే అది కూలీ అవుతుంది, కూలీగా చూస్తే మరీ అన్యాయమైన కూలీ. పైగా నెలంతా వచ్చినవాడికీ రెండ్రోజులు వచ్చినవాడికీ ఒకటేనా అని లెక్కలు మొదలవుతాయి. స్వీడన్‌లో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు రక్తదానం మీద చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. రక్తం ఇస్తామని ముందుకొచ్చిన ఆడవాళ్ళు డబ్బు మాట లేనప్పుడు 52 శాతం ఉంటే, కొద్దిపాటి సొమ్మిస్తామనగానే 30 శాతానికి పడిపోయారు. ఆ సొమ్ము మంచి పనికి ఇచ్చేయొచ్చంటే మళ్ళీ మొదటికొచ్చారు. మగవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా రాలేదట. దాని మీద మీ ఇంట్లో మీరు వాదించుకోండి, నేను రాను.

అయితే బహుమతి డబ్బు వేరు, ఖర్చు డబ్బు వేరు. కోటిపల్లి నుంచో వేగాయమ్మపేట నుంచో రోజూ ఆటోలో వచ్చే అమ్మాయికి ఆ ఛార్జీలు మన బాధ్యతే. అవి నెలాఖరున వేదిక మీద కాదు, ముందే, వారం వారం, పక్కకి పిలిచి ఇవ్వాలి. ఇది మెచ్చుకోలు లెక్కలోకి రాదు. ఇది ఎగ్గొట్టి శాలువా కప్పితే ఆ పిల్ల శాలువా మడిచి ఇంట్లో పెట్టుకుంటుంది, వచ్చే ఏడు రాదు.

ఇక ఇవ్వదగ్గవి. అన్నిటికన్నా ముందు దర్శనం. వినడానికి వింతగా ఉంటుంది గానీ, నెల్లాళ్ళు గుడి ముందు నిలబడి జనాన్ని లోపలికి పంపినవాళ్ళలో సగం మందికి స్వామిని తీరిగ్గా చూసే వీలే చిక్కదు. మన భీమేశ్వరుడు రెండంతస్తుల నిలువున ఉంటాడు, కింద పాదభాగం, అభిషేకం పై అంతస్తు నుంచి. తోపులాటలో చూస్తే చూసినట్టే ఉండదు. తిరుమలలో 2000 సంవత్సరం నుంచి నడుస్తున్న శ్రీవారి సేవలోనూ సేవ చేసినవాళ్ళకి స్వామి దర్శనం చేయించి పంపుతారు. మనం చేయాల్సింది, జనం పలచబడ్డాక ఒక ఉదయం సేవకులు ఇంటిల్లిపాదితో వచ్చి కూర్చుని చూసుకునేలా అనుమతి అడగడం. అది కార్తీకం మధ్యలోనే ఆలయ అధికారులకి కాగితం మీద రాసి అడగాలి. చివర్లో నోటిమాటగా అడిగితే కుదరదంటారు, వాళ్ళ తప్పు కాదు. ఇంటిల్లిపాదితో అన్నది మరవకండి. అమ్మ నెల్లాళ్ళు సేవకి పోతే ఇంట్లో వంట చేసింది ఎవరు? ఆ ఇంటి పోలికి కూడా ఆశీర్వచనం అందాలి కదా.

తర్వాత భోజనం. ఇది వనభోజనం కాదు సుమండీ, అందులో వీళ్ళే వడ్డించి ఉంటారు. మార్గశిరంలో ఒక ఆదివారం పెట్టండి. వడ్డించినవాళ్ళందరూ కూర్చోవాలి, కమిటీ పెద్దలూ దాతలూ వడ్డించాలి. పనసపొట్టు కూర ఉంటుందా పులిహోర ఉంటుందా అన్నది మీ ఇష్టం. ఒక్క నియమం మట్టుకు పాటించండి, ఆ రోజు అంట్లు తోమడానికి బయటివాళ్ళని మాట్లాడండి. లేకపోతే చేయి కడుక్కున్న వెంటనే అలవాటుగా మన పిన్నిగారే చీర దోపి గుండిగ దగ్గర కూర్చుంటుంది, మనం చూస్తూ మాట్లాడుకుంటాం. ఉపన్యాసాలు వద్దు. పుస్తకంలోని వాక్యాలు ఒక్కొక్కటీ పేరుతో చదవండి చాలు, నలభై మందికి అరగంట పట్టదు. వెళ్ళేటప్పుడు తాపేశ్వరం కాజా పొట్లం ఒకటి ఇంటికివ్వండి. అది మనిషికి కాదు, ఇంట్లో ఎదురుచూసిన పిల్లలకి. స్టీలు డబ్బా మీద కమిటీ పేరు చెక్కించి ఇవ్వడం నాకు నచ్చదు. అది ఇచ్చినవాడి గుర్తింపు.

కాలేజీ పిల్లల సంగతి వేరు. వాళ్ళకి కాగితం కావాలి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎన్ఎస్ఎస్‌లో ఉన్న పిల్లలకి ఏడాదికి 120 గంటల సేవ లెక్క ఉంటుంది. వాళ్ళకి "విశిష్ట సేవలందించినందుకు" అన్న బంగారు అంచు పత్రం గోడకే పనికొస్తుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని గంటలు, ఏ పని అన్నది రాసి సంతకం పెట్టి ఇస్తే కాలేజీలో చూపించుకుంటారు. పేరు పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టే ఉండాలి, ఒక్క అక్షరం తప్పినా ఆ కాగితం పనికిరాదు. ఆ పుస్తకంలో వాళ్ళ చేతే పేరు రాయించమన్నది ఇందుకే. పత్రం మీద నాయకుల ఫొటోలు వేస్తారు కొందరు. కుర్రాడి పేరుకి జాగా చాలక ఇంటిపేరు పొడి అక్షరమైపోతుంది.

ఇంత చేశాక తిరిగొస్తారో లేదో ముందే తెలుసుకోవచ్చా అంటే, కొంత తెలుస్తుంది. భోజనానికి ఎవరు రాలేదో చూడండి. "వచ్చే ఏడు మళ్ళీ మీరే చూడాలండి" అన్నప్పుడు ఏమంటారో వినండి. "ఆయ్, ఆ మెట్ల దగ్గర ఇంకో రెండు లైట్లెయ్యాలండి" అన్న మనిషి వచ్చేసినట్టే లెక్క, వచ్చే ఏడు పని ఇప్పుడే మొదలెట్టేశాడు. "చూద్దాం లెండి" అన్నారంటే మన వైపు దానర్థం మీకు తెలుసు. అలాంటివాళ్ళ ఇంటికి ఒక్కరే వెళ్ళి, కాఫీ తాగి, ఏమైందో కనుక్కోవాలి. ఒక్కోసారి ఎవరో కసిరిన మాటే ఉంటుంది. ఒక్కోసారి ఇంట్లో పెద్దవాళ్ళకి బాగోలేదని తేలుతుంది, అప్పుడు మనం బలవంతం చేయకూడదు. ఎంత మెచ్చుకున్నా కొందరు రారు. పెళ్ళిళ్ళవుతాయి, హైదరాబాదులో ఉద్యోగాలొస్తాయి.

చివరి మెట్టు దసరా వెళ్ళాక, కార్తీకానికి రెండు వారాల ముందు. గుంపులో "సేవకి రాదలచినవారు పేర్లు ఇవ్వండి" అని పెడితే అది పిలుపు కాదు, పిలవని పేరంటానికి ఎవరూ రారు. మన ఇళ్ళల్లో పెళ్ళికి ఎలా పిలుస్తాం? బొట్టు పెట్టి. కమిటీ నుంచి ఇద్దరు, అందులో ఒక ఆవిడ తప్పకుండా, ఆ పుస్తకం చంకన పెట్టుకుని గడప గడపకీ వెళ్ళాలి. పోయినేడు మీరు చేసింది ఇదీ, ఈ ఏడు మీకనుకున్నది ఇదీ, మేం మాటిచ్చిన కుర్చీ ఇదిగో, అని చెప్పి బొట్టు పెట్టి పిలవాలి. నలభై ఇళ్ళకి రెండు మూడు సాయంత్రాలు పడుతుంది.

2015లో గోదావరి పుష్కరాలు జులై 14 నుంచి 25 దాకా పన్నెండు రోజులు జరిగాయి. మళ్ళీ 2027లో వస్తున్నాయి. కోటిపల్లి రేవులో మునిగినవాళ్ళలో చాలామంది మన భీమేశ్వరుణ్ణి చూడకుండా వెళ్ళరు. అప్పటికి ఈ నలభై మందీ వంద మంది కావాలి. మీరు ఏ సేవా బృందంలో ఉన్నా సరే, ఈ కార్తీకానికే ఆ రూళ్ళ పుస్తకం కొనండి, మొదటి పేజీ చెప్పులు కాసే పెద్దాయనకి కేటాయించండి.